లెక్క అడిగేవాళ్లున్న పని

ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ ‘అనుభవం’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి గ్రామ సమాఖ్యలో రెండేళ్లు కార్యదర్శిగా చేసిన మహిళ కూడా ‘లేదు’ అని రాస్తుంది. పదహారు పొదుపు సంఘాల సమావేశాలు నడిపించి, తీర్మానాలు రాయించి, బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని రుణం ఎందుకు ఆగిందో అడిగి తెలుసుకున్న మనిషి ఆమె. అదంతా ఆ కాగితం చివర, అభిరుచుల కింద, ‘సమాజ సేవ’ అన్న రెండు మాటల్లో సర్దుకుంటుంది. ఎప్పుడో పదేళ్ల కిందట బట్టల దుకాణంలో చేసిన ఎనిమిది నెలల ఉద్యోగం మాత్రం పైన నిలబడుతుంది, దానికి జీతం వచ్చింది కాబట్టి. ఈ పద్ధతి తప్పని నా వాదన. జీతం రావడం అనుభవానికి ఒక గుర్తు మాత్రమే. ఆ పని గురించి ఆమెను లెక్క అడిగే హక్కు ఎవరికైనా ఉందా అన్నది అసలు చూడాల్సిన విషయం. ఉంటే అది అనుభవం. దాన్ని అనుభవమనే పేరు కిందే, హోదాతో, తేదీలతో రాయాలి. లేకపోతే అది ఎంత మంచి పనైనా ఆ గడిలోకి రాదు.

ఉద్యోగమిచ్చేవాళ్లు జీతం లేని పనిని నిజంగా లెక్కలోకి తీసుకుంటారా అన్న సందేహం న్యాయమైనదే. దీన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. బెల్జియంలో స్టైన్ బార్ట్, సుంచిత్సా వుయిచ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్ర పరిశోధకులు కల్పిత అభ్యర్థుల పేరుతో నిజమైన ఖాళీలకు దరఖాస్తులు పంపారు. కొన్నిటిలో స్వచ్ఛంద సేవ ప్రస్తావన చేర్చారు, కొన్నిటిలో చేర్చలేదు. దేనిలో ఉండాలన్నది తాము ఎంచుకోకుండా యాదృచ్ఛికంగా పంచారు. సేవ ప్రస్తావన ఉన్న దరఖాస్తులకు అనుకూలమైన జవాబు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతు ఎక్కువని తేలింది. అందులో నాకు ముఖ్యంగా తోచిన సంగతులు రెండు. ఆ లాభం పురుషుల కన్నా మహిళలకు ఎక్కువగా కనిపించింది. సేవా కార్యక్రమాల సంఖ్య పెంచినంత మాత్రాన లాభం పెరిగినట్టు కనిపించలేదు. అంటే అయిదారు సంస్థల పేర్లు వరుసగా పేర్చాల్సిన పని లేదు, ఒక్క పనిని సరిగ్గా రాస్తే చాలు. అమెరికాలో జాతీయ సేవా సంస్థ 2013లో వెలువరించిన అధ్యయనం కూడా ఇదే దిశలో ఉంది: ఉద్యోగం లేనివారిలో స్వచ్ఛందంగా పనిచేసినవారికి ఉద్యోగం దొరికే అవకాశం 27 శాతం ఎక్కువగా కనిపించింది, పల్లెల్లోనూ పెద్ద చదువు లేనివారిలోనూ ఆ తేడా ఇంకా పెద్దది. అయితే ఈ రెండో అధ్యయనాన్ని కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. చొరవ ఉన్నవాళ్లే సేవకూ ముందుకొస్తారు, ఉద్యోగమూ ముందు సంపాదిస్తారు. ఏది దేనికి కారణమో ఆ లెక్క పూర్తిగా విడదీయలేదు. బెల్జియం ప్రయోగానికి ఆ చిక్కు లేదు కాబట్టి దానికే ఎక్కువ విలువ ఇస్తాను. బెల్జియం నిజామాబాదు కాదన్నది నిజం. కానీ అక్కడైనా ఇక్కడైనా దరఖాస్తు చదివే మనిషి పరిస్థితి ఒకటే. ఎదుటి మనిషిని ఎన్నడూ చూడలేదు, పని అప్పగిస్తే చేస్తుందో లేదో తెలియదు, కాగితంలో ఏదైనా ఆధారం దొరుకుతుందేమోనని వెతుకుతుంటాడు.

ఆ ఆధారం మన దగ్గర ఎంత గట్టిగా ఉందో చూడాలంటే పొదుపు సంఘాల కన్నా మంచి ఉదాహరణ లేదు. డ్వాక్రా పథకం 1982-83లో మొదలైంది, సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని నాబార్డు 1992లో మొదలుపెట్టింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో సెర్ప్ ఏర్పడి వెలుగు కార్యక్రమంతో సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా కట్టింది. పది పదిహేను మంది సభ్యులుండే ప్రతి సంఘమూ పంచసూత్రాల మీద నడవాలి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ అయిదో సూత్రమే మన వాదనకు ప్రాణం. తీర్మానాల పుస్తకంలో ఎవరు వచ్చారో, ఏం నిర్ణయించారో సంతకాలతో ఉంటుంది. నగదు పుస్తకంలో ఏ రోజు ఎంత వచ్చి ఎంత వెళ్లిందో ఉంటుంది. పైన సీసీ వచ్చి చూస్తారు, ఏపీఎం అడుగుతారు, బ్యాంకు వాయిదా తప్పితే ఫోన్ చేస్తుంది, అన్నిటికన్నా ముందు పక్కింటి సభ్యురాలే నిలదీస్తుంది. చాలా చిన్న కంపెనీల్లో జీతం తీసుకునే ఉద్యోగికి కూడా ఇంతమందికి జవాబు చెప్పుకునే పరిస్థితి ఉండదు. ఇదే కొలతతో చూస్తే, వరదలప్పుడు ఒక రోజు భోజనం పొట్లాలు పంచడం అనుభవం కింద రాదు. ఆ పొట్లాలు ఎన్ని కావాలో లెక్కేసి, సామాను తెప్పించి, మిగిలినదానికి జమాఖర్చు చూపించిన మనిషి పని వస్తుంది.

ఒక కేసును వివరంగా చూద్దాం. ఇంటర్ చదివిన ముప్పై నాలుగేళ్ల మహిళను ఊహించుకోండి. తెలంగాణలో ఒక గ్రామ సమాఖ్యకు రెండేళ్లు కార్యదర్శి. ఆ సమాఖ్య వరి కొనుగోలు కేంద్రాన్ని, అంటే జనం ఐకేపీ సెంటర్ అని పిలిచేదాన్ని, రెండు సీజన్లు నడిపింది. కేంద్రం బాధ్యత ఈమెది. ఇప్పుడు దగ్గరి పట్టణంలో ఒక గోదాములో సరుకు దింపుకుని లెక్క రాసే ఉద్యోగానికి దరఖాస్తు చేస్తోంది. కొనుగోలు కేంద్రంలో ఆమె చేసిన పని ఇది: రైతులు కుప్పలు పోసిన వరుసలో సీరియల్ రాసుకోవడం, మాయిశ్చర్ మీటర్‌తో తేమ చూసి 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమని చెప్పడం, తాలు పోయేలా తూర్పారబట్టించడం, గన్నీ సంచులు ఎన్ని వచ్చాయో ఎన్ని ఖర్చయ్యాయో చూడటం, కాంటా మీద నలభై కిలోల బస్తాలు తూయించడం, లారీకి ఎక్కించేటప్పుడు బస్తాలు లెక్కించి ట్రక్ షీట్ రాయడం, మిల్లు దగ్గర దిగాక అక్కడి లెక్కతో పోల్చి చూడటం, రైతు వివరాలు ట్యాబ్‌లో ఎక్కించడం. గోదాములో సరుకు దింపుకునే ఉద్యోగం ఇంతకు మించి వేరే ఏమీ కాదు. వచ్చిన సరుకు నాణ్యత చూడాలి, తూకం చూడాలి, లెక్కపెట్టాలి, కాగితం రాయాలి, తేడా వస్తే పట్టుకోవాలి. రెండింటి మధ్య ఉన్న ఈ సామ్యం ఆమెకు తెలుసు, కానీ దరఖాస్తు చదివే మేనేజరుకు తెలియదు. ‘సమాజ సేవ’ అని రాస్తే ఎప్పటికీ తెలియదు.

కాబట్టి ఆమె రెజ్యూమేలో అనుభవం కింద మొదటి వరుస ఇలా ఉండాలి: ‘కార్యదర్శి (గౌరవ హోదా), గ్రామ మహిళా సమాఖ్య, ఫలానా ఊరు, ఫలానా మండలం, 2023 జూన్ నుంచి 2025 మే వరకు.’ దాని కింద మూడు వాక్యాలు చాలు. ‘వరి కొనుగోలు కేంద్రం బాధ్యురాలిగా రెండు సీజన్లు పనిచేశాను, 2024 వానాకాలంలో 18,000 బస్తాల ధాన్యం తేమ పరీక్ష, తూకం, లారీ లోడింగ్, ట్రక్ షీట్లు చూశాను. మిల్లు రసీదులతో ట్రక్ షీట్లు రోజూ సరిపోల్చి, తేడాలు మండల సిబ్బందికి అదే రోజు రాతపూర్వకంగా తెలిపాను. పదహారు సంఘాల నెలవారీ సమావేశాలు నిర్వహించి తీర్మానాలు నమోదు చేశాను.’ దరఖాస్తు ఇంగ్లిషులో ఇవ్వాల్సి వస్తే ఈ వాక్యాలనే అలాగే మార్చుకోవచ్చు. ఇక్కడ చూడాల్సింది వాక్యాల వరుస. సమాఖ్య పనిలో నిజానికి సమావేశాలు, రుణాల పనే ఎక్కువ కాలం పట్టి ఉంటుంది. అయినా ఈ ఉద్యోగానికి అవసరమైన పని ధాన్యం లెక్క కాబట్టి అది ముందుకొచ్చింది. రేపు ఇదే మనిషి మైక్రోఫైనాన్స్ సంస్థలో ఫీల్డ్ ఉద్యోగానికి వెళితే ధాన్యం ఒక వాక్యానికి తగ్గి, సూక్ష్మ రుణ ప్రణాళికలు తయారు చేయించడం, వాయిదాలు తప్పిన సంఘాలతో మాట్లాడి దారికి తేవడం ముందుకు రావాలి. బాధ్యత ఒకటే అయినా ఏ ముక్క పైన ఉండాలో ఉద్యోగమే చెబుతుంది. బట్టల దుకాణంలో చేసిన ఎనిమిది నెలలూ ఉండాలి, కానీ దీని కింద, ఒకే వరుసలో.

అంకెల దగ్గర ఒక ప్రమాదం ఉంది, ఇక్కడ కాస్త ఆగాలి. 18,000 బస్తాలంటే 7,200 క్వింటాళ్లు. 2024-25లో ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. గుణిస్తే కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుంది. ఉద్యోగ సలహాలు ఇచ్చేవాళ్లలో కొందరు ఈ అంకె చూడగానే ‘కోటిన్నరకు పైగా నిధులు నిర్వహించాను’ అని రాయమంటారు. రాయకూడదు. ఆ డబ్బు ఆమె చేతుల మీదుగా వెళ్లలేదు, రైతుల బ్యాంకు ఖాతాల్లోకి నేరుగా వెళ్లింది. ఆమె జవాబుదారీ బస్తాలకు, తేమకు, ట్రక్ షీట్లకు. ఇంటర్వ్యూలో ‘ఖాతా ఎవరి పేరున ఉండేది, చెక్కు మీద సంతకం ఎవరిది’ అన్న ఒక్క ప్రశ్నతో కోటిన్నర కూలిపోతుంది, దాంతో పాటు నిజమైన 18,000 బస్తాల మీద కూడా నమ్మకం పోతుంది. ఏ అంకె పెట్టాలన్న అనుమానం వచ్చినప్పుడల్లా, తేడా వస్తే నన్ను ఏ అంకె గురించి అడిగేవాళ్లు అని ఆలోచిస్తే సరైన అంకె దొరుకుతుంది. ఆ అంకె చిన్నదైనా ఫర్వాలేదు. సమాఖ్య పొదుపు ఖాతాకు ఆమె నిజంగానే ఉమ్మడి సంతకందారు అయితే ఆ మాట వేరు. అప్పుడు అందులో నడిచిన మొత్తం రాయవచ్చు, ఉమ్మడి సంతకం అన్న మాటతో సహా.

జీతం ఊసు ఎలా తేవాలన్నది తరువాతి చిక్కు. ‘గౌరవ హోదా’ అన్న మాట హోదా పక్కనే, మొదటి వరుసలోనే ఉండాలని పైన అందుకే చూపించాను. దాన్ని దాచితే తరువాత బయటపడుతుంది, ముందే చెబితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కొనుగోలు మీద వచ్చే కమీషన్ సమాఖ్యకు చెందుతుంది. అందులోంచి పనిచేసినవాళ్లకు కొంత ఇచ్చి ఉంటే ‘సీజన్‌కు పారితోషికం’ అని ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. వీవోఏగా చేసినవాళ్లకు గౌరవ వేతనం ఉంటుంది కాబట్టి వాళ్లు ఆ మాటే వాడాలి. అసలు అభ్యంతరం ఇంకొకటుంది: జీతం లేని పనిని ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చు, కాబట్టి అది క్రమశిక్షణకు రుజువు కాదని కొందరు మేనేజర్లు అనుకుంటారు. ఈ మాటలో కొంత నిజముంది. చాలా సేవా కార్యక్రమాల్లో మనిషి నెల తరువాత కనిపించకపోయినా ఎవరూ అడగరు. అందుకే కాలవ్యవధికి ఇంత విలువ. ‘2023 జూన్ నుంచి 2025 మే వరకు’ అన్న తేదీలు, ‘రెండు సీజన్లు’ అన్న మాట ఆ అభ్యంతరానికి జవాబు. కోతల కాలంలో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కల్లం దగ్గర ఉండాల్సిన పనిని ఒక సీజన్ చూశాక కూడా రెండో సీజన్‌కు ఒప్పుకున్న మనిషి మధ్యలో వదిలేసే మనిషి కాదు. దీని గురించి వేరే విశేషణాలు రాయనక్కర్లేదు.

రెండో అభ్యంతరం బయటివాళ్లది కాదు, ఆ మహిళలదే. ‘నేనొక్కదాన్నే చేశానా, అందరం కలిసి చేశాం, నా పేరు పెట్టుకుంటే బాగుండదు’ అంటారు. ఇది వినయం మాత్రమే కాదు, నిజం కూడా. సమాఖ్య నిర్ణయాలు సమావేశంలో జరుగుతాయి, ధాన్యం ఎత్తేది హమాలీలు. అందుకే క్రియాపదాల విషయంలో జాగ్రత్త పడాలి. ‘సమాఖ్య కొనుగోలు చేసింది’ అన్నప్పుడు ఘనత సమాఖ్యది. ‘ట్రక్ షీట్లు రాశాను, మిల్లు రసీదులతో సరిపోల్చాను’ అన్నప్పుడు ఎవరి ఘనతనూ లాక్కోలేదు, ఎందుకంటే ఆ షీట్ల మీద సంతకం ఆమెదే. ఆమె సంతకం, చేతిరాత, హాజరు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ ‘నేను’ అనవచ్చు. మిగతా చోట ‘సమాఖ్య’ అనాలి. ఇంత స్పష్టంగా గీత గీసి చెప్పిన అభ్యర్థిని చూస్తే ఉద్యోగమిచ్చేవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: నలుగురితో కలిసి పనిచేసి, ఎవరి వంతు ఎంతో చెప్పగలిగిన మనిషి ఈమె.

ఇలా రాయడం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచి ధైర్యం చెప్పడం మోసం. ప్రభుత్వ నోటిఫికేషన్‌లో అనుభవం అడిగినప్పుడు ఎలాంటి అనుభవం, ఎవరి ధ్రువపత్రంతో అని అందులోనే ఉంటుంది. జీతంతో కూడిన ఉద్యోగానుభవం అని ఉంటే సమాఖ్య పని అక్కడ లెక్కకు రాదు, వస్తుందని రాసి తరువాత అనర్హత తెచ్చుకోకూడదు. ఆన్‌లైన్ దరఖాస్తులో ‘మొత్తం ఎన్నేళ్ల అనుభవం’ అన్న గడి ఉంటే జీతం వచ్చిన కాలమే రాయాలి, ఎందుకంటే కొన్ని కంపెనీలు ఆ అంకెను పీఎఫ్ ఖాతాతోనూ జీతం స్లిప్పులతోనూ సరిచూస్తాయి. పోల్చిచూస్తే కనిపించని రెండేళ్లు అబద్ధంలా తోస్తాయి, నిజమే అయినా. ఆ రెండేళ్ల కథ రెజ్యూమేలో, కవరింగ్ లెటర్‌లో చెప్పుకోవాలి. కుల సంఘంలోనో, పార్టీలోనో, గుడి ఉత్సవ కమిటీలోనో చేసిన పని మరో రకం చిక్కు. ఉత్సవ కమిటీ కోశాధికారిగా చందాలు వసూలు చేసి, చివర జమాఖర్చు బోర్డు మీద అంటించిన మనిషి పనికి పూర్తి విలువ ఉంది. కానీ చదివేవాళ్లకు ఆ సంస్థ పేరు చూడగానే అభిప్రాయం ఏర్పడవచ్చు. నా సలహా: సంస్థ పేరు మార్చి రాయకండి. చెప్పడం ఇష్టం లేకపోతే ఆ వరుస మొత్తం వదిలేయండి. మరుగుపరిచిన పేరు గురించి ఇంటర్వ్యూలో అడిగినప్పుడు తడబడటం కన్నా అదే మేలు.

రుజువు సంగతి చివరికి మిగిలింది, చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు. పదవి దిగిపోయాక కొత్త కార్యవర్గాన్ని పాత పనికి ఉత్తరం అడగడం కష్టం. సీసీలకు బదిలీలు అవుతుంటాయి. కాబట్టి పదవిలో ఉన్నప్పుడే, లేదా దిగిన నెలలోపే, సమాఖ్య సమావేశంలో తీర్మానం చేయించి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోవాలి. అందులో హోదా, తేదీలు, చూసిన పని ఒక్కో వాక్యంలో ఉంటే సరిపోతుంది, పొగడ్తలు అక్కర్లేదు. సంతకం అధ్యక్షురాలిది ఉండాలి. దరఖాస్తుదారే అప్పటి కార్యదర్శి కాబట్టి తన ఉత్తరం మీద తానే సంతకం పెట్టుకోకూడదు. ఏపీఎం కూడా సంతకం చేస్తే ఇంకా మంచిది. ఫోన్ చేసి అడిగితే చెప్పడానికి ఒప్పుకున్న ఒకరిద్దరి పేర్లు, వాళ్ల అనుమతితో, దగ్గర పెట్టుకోవాలి. రైతుల వివరాలున్న ట్రక్ షీట్లు మాత్రం ఎవరికీ చూపించకూడదు, వాటిలో ఇతరుల ఖాతా నంబర్లు ఉండవచ్చు.

ఉత్తరం చేతిలో ఉన్నాక ఇంటర్వ్యూకు ఒక్క సందర్భాన్ని పూర్తిగా సిద్ధం చేసుకోవాలి. మేనేజరు అడిగేది దాదాపుగా ఇదే: ‘ఎప్పుడైనా లెక్కలో తేడా వచ్చిందా, ఏం చేశారు?’ మనం తీసుకున్న కేసులో జవాబు ఇలా ఉండవచ్చు. లారీకి 600 బస్తాలు ఎక్కించారు, మిల్లు నుంచి 594 అని వచ్చింది. ముందు ఎక్కించేటప్పుడు గీసుకున్న లెక్క గీతల పుస్తకం చూసింది, అక్కడ 600 ఉంది. తరువాత అదే రోజు మిగిలిన గన్నీ సంచులు లెక్కించింది, ఖర్చయిన సంచులతో 600 సరిపోయింది. అప్పుడు తేడా కేంద్రం దగ్గర కాదని తేలింది కాబట్టి ట్రక్ షీట్ ప్రతితో సీసీకి రాసిచ్చి, మిల్లులో మళ్లీ లెక్కించమని అడిగింది, ఆ ఆరు బస్తాలు రైతు లెక్కలోంచి కోతపడకుండా చూసింది. తేడా ఒకవేళ కేంద్రం దగ్గరే తేలి ఉంటే అదీ చెప్పాలి, దాన్ని ఎలా సరిదిద్దారో కూడా చెప్పాలి. సంచుల లెక్కతో బస్తాల లెక్కను సరిచూడాలని తోచిన మనిషికి గోదాము పని కొత్తగా నేర్పాల్సింది కొంచెమే ఉంటుంది, కంప్యూటరులో ఆ కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్, వాళ్ల కాగితాల పేర్లు.

ఉద్యోగం వచ్చాక ఈ వరుస రెజ్యూమేలో ఎప్పటికీ ఇంతే పెద్దదిగా ఉండనక్కర్లేదు. గోదాములో రెండేళ్లు గడిచి, ఇంకో చోటికి దరఖాస్తు చేసేనాటికి సమాఖ్య కార్యదర్శి పదవి మూడు వాక్యాల నుంచి ఒక వాక్యానికి తగ్గి, జీతంతో చేసిన పని కిందికి చేరుతుంది. హోదా, తేదీలు, బస్తాల అంకె మాత్రం ఉంచాలి.